పొదుపు రశీదులు ఆలస్యంగా ఇచ్చినా మార్చి జీతంలో టీడీఎస్ తగ్గించమని అడగవచ్చా?

ప్రశ్న: నేను హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగిని. 2025-26కు పాత పన్ను విధానం ఎంచుకున్నాను. జనవరిలో రుజువులు ఇచ్చినప్పుడు లక్ష రూపాయల పీపీఎఫ్ రశీదు, 50 వేల ఎన్‌పీఎస్ రశీదు జతచేయడం మరిచాను. జనవరి వరకు నెలకు రూ.13,520 కోసినవారు ఫిబ్రవరిలో రూ.36,920 కోశారు. మార్చిలోనూ అంతే కోస్తారట. గడువు ముగిసిందని రశీదులు తీసుకోవడం లేదు. చట్టం ఏమంటుంది?

జవాబు: జనవరి గడువు మీ కంపెనీ తన సౌకర్యం కోసం పెట్టుకున్నదే తప్ప ఆదాయపు పన్ను చట్టం పెట్టినది కాదు. 1961 నాటి చట్టంలోని 192(3) సెక్షన్ ప్రకారం, ముందు నెలల్లో ఎక్కువగానో తక్కువగానో కోసిన పన్నును అదే ఆర్థిక సంవత్సరంలోని తర్వాతి జీతాల్లో సర్దుబాటు చేసే అధికారం యజమానికి ఉంది. అయితే ఆ సెక్షన్ అధికారం ఇస్తుందే గాని, ఆలస్యంగా వచ్చిన రశీదును తీసుకోక తప్పదని శాసించదు. తక్కువ కోస్తే వడ్డీ భారం యజమాని మీద పడుతుంది, ఎక్కువ కోస్తే అతనికి పోయేదేమీ లేదు. పేరోల్ విభాగాలు కఠినంగా ఉండటానికి అసలు కారణం ఇదే. కాబట్టి హక్కుగా నిలదీయడం కన్నా, వారికి పని సులువయ్యేలా రాతపూర్వకంగా అభ్యర్థించడమే మేలని నా అభిప్రాయం.

ముందుగా మీ లెక్క చూద్దాం. నెలకు రూ.13,520 చొప్పున పన్నెండు నెలలకు రూ.1,62,240 అవుతుంది. కంపెనీ ఇప్పుడు కోయదలచినది మొత్తం రూ.2,09,040. తేడా రూ.46,800. లక్షన్నర మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపితే సరిగ్గా ఇంతే వస్తుంది. అంటే పెరిగిన కోతకు ఆ రెండు రశీదులే కారణం, మరే పొరపాటూ లేదు. అభ్యర్థనలో ఈ ఒక్క లెక్క చూపితే పేరోల్ వారు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవలసిన పని ఉండదు.

మార్చి జీతాల లెక్క ఖరారు కాకముందే, పొదుపుల వివరాలు యజమానికి తెలిపే ఫారం 12బీబీని సవరించి, దానికి రెండు రశీదులను జతచేసి ఈమెయిల్ పంపండి. మీ ఉద్యోగి సంఖ్య, పాన్, చెల్లింపు తేదీలు రాసి, "80సీ కింద రూ.1,00,000, 80సీసీడీ(1బీ) కింద రూ.50,000 పరిగణనలోకి తీసుకుని, 192(3) సెక్షన్ ప్రకారం మార్చి కోతను సవరించవలసిందిగా కోరుతున్నాను" అని స్పష్టంగా అడగండి. 80సీ కింద ఇప్పటికే ఒప్పుకున్న మొత్తంతో ఈ లక్ష కలిసినా లక్షన్నర పరిమితి దాటకుండా చూసుకోండి.

వారు ఒప్పుకున్నా పూర్తి సొమ్ము చేతికి రాదు. ఫిబ్రవరి చివరికే రూ.1,72,120 కోశారు, అసలు పన్ను రూ.1,62,240. కనుక మార్చి కోత సున్నా అవుతుంది, ఇంకా రూ.9,880 అదనంగా మిగులుతుంది. ప్రభుత్వ ఖాతాకు చేరిన ఆ మొత్తాన్ని రిటర్నులో రీఫండుగా తీసుకోవడమే సులువైన దారి.

ఒప్పుకోకపోతే మార్చిలోనూ కోసి, మొత్తం రూ.46,800 రీఫండుగా మిగులుతుంది. అప్పుడు కూడా ఒక మాట అడిగి చూడండి. జీతాల నుంచి కోసిన పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే నాలుగో త్రైమాసికపు 24క్యూ నివేదిక దాఖలుకు మే 31 వరకు గడువుంది. దానిలో మీ మినహాయింపులు చూపితే కోత మారదు గాని, ఫారం 16 మీ రిటర్నుతో సరిపోతుంది. చూపకపోయినా మీ హక్కు పోదు. చెల్లింపు 2026 మార్చి 31 లోపు జరిగి ఉంటే, ఫారం 16లో లేకపోయినా ఈ రెండు మినహాయింపులను రిటర్నులో నేరుగా కోరవచ్చు. రశీదులు మాత్రం భద్రంగా ఉంచుకోండి, తేడా ఎందుకొచ్చిందని శాఖ అడిగితే అవే మీ జవాబు.

చాలామంది దెబ్బతినేది ఈ తర్వాతి మెట్టులో. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి పాత విధానం కోరాలంటే రిటర్ను గడువులోపే, అంటే 2026 జూలై 31 లోపే దాఖలు చేయాలి. ఆలస్యమైతే కొత్త విధానమే వర్తిస్తుంది, అందులో ఈ రెండు మినహాయింపులూ ఉండవు. కంపెనీకి పాత విధానమని చెప్పి ఉన్నంత మాత్రాన అది రిటర్నుకు సరిపోదు.

రీఫండుపై నెలకు అర శాతం వడ్డీ ఇచ్చే 244ఏ సెక్షన్ ఉంది గాని, రీఫండు మొత్తం నిర్ణయించిన పన్నులో పదో వంతు కన్నా తక్కువైతే వడ్డీ రాదు. మీ విషయంలో పదో వంతు రూ.16,224 కాబట్టి, రూ.9,880కి వడ్డీ ఉండదు, రూ.46,800కి ఏప్రిల్ 1 నుంచి లెక్కిస్తారు.