పీసీఆర్ 1.4 ఉంటే మార్కెట్ పెరుగుతుందా?

ప్రశ్న: బీకాం ఫైనలియర్ చదువుతున్నాను సార్. మా టెలిగ్రామ్ గ్రూపులో పీసీఆర్, ఆప్షన్ వాల్యూమ్ చూసి ట్రేడ్లు చెబుతున్నారు. ఈ రెండూ బాగా నేర్చుకుంటే ట్రేడింగే కెరీర్‌గా పెట్టుకోవచ్చా?

జవాబు: నేర్చుకోండి, ఉద్యోగానికి పనికొస్తాయి. వాటి మీదే బతుకుదామనుకుంటే మాత్రం కష్టం.

ధర పడితే లాభమిచ్చే ఆప్షన్ పుట్, పెరిగితే లాభమిచ్చేది కాల్. పీసీఆర్ అంటే పుట్-కాల్ రేషియో: మొత్తం పుట్ల ఓపెన్ ఇంట్రెస్ట్‌ను, అంటే ఇంకా మూసేయని కాంట్రాక్టుల సంఖ్యను, కాల్స్ ఓపెన్ ఇంట్రెస్ట్‌తో భాగిస్తే వచ్చే అంకె. ప్రతి పుట్‌కూ కొన్నవాడొకడు, అమ్మినవాడొకడు ఉంటారు. కొన్నవాడు పడుతుందని భయపడుతుండొచ్చు, లేదా తన షేర్లకు రక్షణగా కొనుండొచ్చు. అమ్మినవాడు పడదనే ధీమాతో ఉంటాడు. అందుకే 1.4ను ఒకరు భయం అంటారు, మన దగ్గర చాలామంది పుట్ రైటర్ల, అంటే అమ్మినవాళ్ల, ధైర్యం అంటారు. పైగా ఈ అంకె తరచూ ధర వెనకాలే నడుస్తుంది. ఉదయం నిఫ్టీ 300 పాయింట్లు పడితే పుట్ రైటర్లు బయటపడతారు, కొత్తగా కాల్స్ రాస్తారు, మధ్యాహ్నానికి పీసీఆర్ 0.8కి దిగుతుంది. గ్రూపులో "బేరిష్" అని మెసేజ్ వచ్చేది అప్పుడు! ఎక్స్‌పైరీ మర్నాడైతే పాత కాంట్రాక్టులన్నీ పోతాయి కాబట్టి, ఎవరి మనసూ మారకుండానే అంకె మారిపోవచ్చు.

వాల్యూమ్ దగ్గర ఇంకా ఎక్కువ మోసపోతారు. 500 రూపాయల షేరు ఒకటి అనుకుందాం. దాన్ని 520కి కొనే హక్కునిచ్చే 520 కాల్‌లో రోజూ 800 కాంట్రాక్టులు జరుగుతాయి, ఇవాళ 9,000 జరిగాయి. "ఎవరికో ఏదో తెలిసింది" అని గ్రూపంతా టెన్షన్. ఎన్ఎస్ఈ ఆప్షన్ చైన్‌లో VOLUME పక్కన CHNG IN OI, అంటే ఓపెన్ ఇంట్రెస్ట్‌లో మార్పు, చూడండి. అక్కడ 300 మాత్రమే ఉంటే, ఇవాళ జరిగిన వ్యాపారంలో చాలా భాగం ఇవాళే మూసేశారు, లేదా పాతవాళ్లు కొత్తవాళ్లకు అప్పగించారు. కొత్తగా మిగిలిన పొజిషన్ చిన్నదే.

సరే, 8,000 పెరిగిందే అనుకోండి. అప్పుడు 540 కాల్ వరస చూడాలి. అక్కడా దాదాపు అంతే పెరిగితే అది స్ప్రెడ్ కావచ్చు, అంటే ఒకటి కొని ఇంకోటి అమ్మడం. షేరు కదలకపోయినా, ఎక్స్‌పైరీ దూరంగా ఉన్నా, 520 ప్రీమియం, ధర ఎంత ఊగుతుందని మార్కెట్ అంచనా వేస్తుందో చెప్పే IV, రెండూ పడుతున్నాయంటే అమ్మేవాళ్లదే తొందర. అంటే పెద్ద వాల్యూమ్ చూసి మీరు కొన్న కాల్‌ను, మీకు అమ్మింది ఆ పెద్దవాళ్లే అయ్యుండొచ్చు.

2021-22 నుంచి మూడేళ్ల లెక్కలు తీసిన సెబీ, ఎఫ్ అండ్ ఓలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని తేల్చింది. కాబట్టి ముందు ఎన్ఐఎస్ఎం సిరీస్-8 డెరివేటివ్స్ పరీక్ష రాయండి. రీసెర్చ్ వైపు వెళ్లాలంటే సిరీస్-15. ఈలోగా డబ్బు పెట్టకుండా, గ్రూపులో వచ్చిన ప్రతి "అసాధారణ వాల్యూమ్" మెసేజ్‌నూ టైముతో సహా రాసుకోండి. ఆ సాయంత్రం CHNG IN OI, మూడు రోజుల తర్వాత ధర పక్కనే వేయండి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్లండి, పీసీఆర్ స్క్రీన్‌షాట్లు వద్దు.