ఆయుధపూజ నాడు మాట్లాడబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మహర్నవమి సాయంత్రం కొట్లో పనివాళ్ళ ముందు నాలుగు మాటలు మాట్లాడాలని, ఏం చెప్పాలో తోచడం లేదని అన్నావట. మీ అమ్మ ఫోనులో చెప్పింది. అమలాపురంలో బట్టల కొట్టు నడిపినన్నాళ్ళూ ఆ పని ఏటా చేసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను.

ముందు వేళ చూసుకో. పూజ, హారతి, నీ మాటలు, బోనస్ కవర్లు, భోజనం. ఈ వరస తప్పకు. కవరు చేతికి వచ్చాక అందరి మనసూ అందులో ఎంత ఉందన్న దాని మీదే ఉంటుంది, నీ మాట ఎవరి చెవికీ ఎక్కదు. లంక ఊళ్ళకు వెళ్ళే ఆడవాళ్ళు బస్సు దిగాక కూడా చాలా దూరం పోవాలి, ఏడు గంటలకల్లా వాళ్ళు గేటు దాటాలి. నీకు మిగిలేది మూడు నిమిషాలు. రూళ్ళ కాగితం ఒక వైపు నిండితే చాలు.

ఇక అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. మేనేజరుతో మొదలుపెడితే ఊడ్చే ఆమె చివరికి పోతుంది. నీకు నచ్చినవాళ్ళతో మొదలుపెడితే మిగతావాళ్ళు ఆ సంగతి కనిపెట్టేస్తారు. నేను పట్టిన దారి బట్టల బేలు వెంట నడవడం. లారీ దిగిన బేలులోని బట్ట, కొన్నవాళ్ళ సంచిలో పడేదాకా ఎవరెవరి చేతులు మారుతుందో ఆ వరసలోనే పేర్లు చెప్పు: హమాలీ, గోడౌను, కౌంటర్లు, ఫాల్ కుట్టే మిషను, బిల్లు, గల్లాపెట్టె, గేటు. కొట్టు తెరవకముందే వచ్చి ఊడ్చే ఆమె పేరు లారీ కంటే ముందు రావాలి. ఇలా చెబితే ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న లెక్క అందులో కనపడదు, ఒక్కరినీ మరిచిపోవు కూడా. ఆ పూట పదహారేళ్ళ కుర్రాడి మొదలు అందరికీ ‘గారు’ పెట్టు.

ప్రతి పేరుకూ ఒక పని జత చెయ్యి. అది ఆ మనిషి జీతానికి మించి చేసినదై ఉండాలి, పక్కవాళ్ళు కళ్ళారా చూసినదై ఉండాలి. ‘బాగా కష్టపడ్డారు’ అంటే ఎవరికీ తగలదు. ఈ ఏటివే తీసుకుని ఇలా రాసుకో:

‘శ్రావణంలో పెళ్ళివారొచ్చి రెండు గంటలు కూర్చుని, పట్టుచీరలన్నీ విప్పించి, మళ్ళీ వస్తామని లేచారు. రెండో కౌంటరులో మీరు ముఖం చిట్లించకుండా అన్నిటినీ పాత మడతల మీదే మడిచి బీరువాలో పెట్టారు. మడత మారితే కొత్త చీర నలిగినట్టు కనిపిస్తుంది, అది నాకు తెలుసు. గోదావరి పొంగి లంకకు దారి మునిగినప్పుడు మీరు పడవ మీద రేవు దాటి వచ్చి తాళం తీశారు. ఆ రోజు రావద్దని నేనే చెప్పి ఉండాల్సింది. ఇక మీదట వరద రోజున సెలవే, జీతం కోయను.’

ఆఖరి రెండు వాక్యాలు మరీ ముఖ్యం. అవి లేకపోతే, వచ్చే వరదకు అందరూ పడవెక్కి రావాలని హెచ్చరించినట్టు వినిపిస్తుంది. అయితే ఆ మాట నిలబెట్టుకోగలిగితేనే అను. అమ్మవారి ముందు యజమాని అన్న మాటను పనివాళ్ళు ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. జీతాల పెంపు మాట మాత్రం అక్కడ ఎత్తకు, అది విడిగా కూర్చుని చెప్పాల్సిన విషయం.

కొన్ని మాటలు నోటికి రానివ్వకు. ‘మీరంతా నా కుటుంబం’ అనకు. వచ్చే నెల ఆలస్యానికి జీతం కోసినప్పుడు ఆ మాటే నీకు ఎదురొస్తుంది. ఆషాఢం తగ్గింపుల్లో అమ్మకం ఎంతయిందో చెప్పకు, విన్నవాడు ఆ అంకెను తన కవరుతో పోల్చుకుంటాడు. బోనసును నీ దయగా చెప్పుకోకు. ఇరవై మంది, ఆపైన పనిచేసే చోట కనీసం 8.33 శాతం బోనసు చట్టం ఇచ్చిన హక్కు. మన కొట్లో అంతమంది లేకపోయినా ఆ పద్ధతే మర్యాద. ఎవరి ఆసుపత్రి ఖర్చుకు అడ్వాన్సు ఇచ్చావో, ఎవరి అప్పు తీర్చావో పొరపాటున కూడా అనకు. వాళ్ళ పిల్లలు అక్కడే కూర్చుని వింటుంటారు. కొందరు యజమానులు నవ్వించబోయి ఒకరి నత్తినో, నిద్రనో ఆటపట్టిస్తారు. నాకది ఒళ్ళు మండే పని.

కాగితం రాశాక జీతాల పుస్తకం తెరిచి పేర్లు సరిచూసుకో. పురిటికి వెళ్ళిన బిల్లు కౌంటరు అమ్మాయి ఆ రోజు రాదు, అయినా ఆమె పేరు చదువు, కవరు వాళ్ళ నాన్న చేతికి ఇవ్వు. తర్వాత ఆ కాగితం మీ అమ్మకు వినిపించు. గోడౌను వెనక ఎవరేం చేశారో నీకంటే ఆమెకే ఎక్కువ తెలుసు.

ఇట్లు,
మీ మామయ్య