టీబీ, షుగర్ ఒకే మనిషికి వస్తే: అంటువ్యాధిని, జీవనశైలి వ్యాధిని విడదీసి చూడటం

ప్రశ్న: "హెల్త్ సైన్స్ పరీక్షకు చదువుతున్నాను. జబ్బులు, కారణాలు, వ్యాప్తి, నివారణ అన్నీ బట్టీ పట్టాను. అయినా ఏది అంటువ్యాధి, ఏది జీవనశైలి వ్యాధి అంటే తడబడుతున్నాను. ఎలా తేల్చుకోవాలి?"

మా నాన్నగారికి చాలా ఏళ్లుగా షుగర్ ఉండేది. దాని మీద టీబీ వచ్చింది. రెండింటికీ మందులు ఇస్తూ దగ్గరుండి చూసుకున్నాను కాబట్టి ఈ రెండింటితోనే చెబుతాను.

ఏ జబ్బు పేరు కనిపించినా ముందు ఒకటి అడగండి: బయటి నుంచి ఒంట్లోకి వచ్చిన జీవి ఏదైనా ఉందా? ఉంటే, అది ఏ దారిన వచ్చింది? ఆ దారి తెలిస్తే నివారణ దానంతట అదే తెలుస్తుంది.

టీబీకి కారణం మైకోబాక్టీరియం ట్యూబర్‌క్యులోసిస్ అనే బాక్టీరియా. 1882లో రాబర్ట్ కాక్ దాన్ని గుర్తించినట్టు ప్రకటించాడు. ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్లు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు సన్నని తుంపరలు బయటికొస్తాయి. గాలి ఆడని గదిలో అవి గంటల తరబడి తేలుతూ ఉంటాయి, పక్కవాళ్లు పీల్చుకుంటారు. దారి ఇదే. మా బంధువులు నాన్నగారికి కంచం, గ్లాసు వేరుగా పెట్టారు, కిటికీలు మాత్రం మూసేశారు. మందులివ్వడానికి వచ్చిన ఆశా కార్యకర్త ముందు ఆ కిటికీలు తెరిపించింది. "కంచం వల్ల రాదమ్మా, ఈ గాలి వల్ల వస్తుంది. ఆయన నోటికి గుడ్డ కట్టుకోవాలి, మీరు తలుపులు తీసి ఉంచాలి" అంది. టీబీ వ్యాప్తి గురించి పరీక్షలో అడిగితే రాయాల్సింది సరిగ్గా ఇదే.

రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం ఉంటే తెమడ పరీక్ష చేయించాలి. మామూలు టీబీకి మందులు 6 నెలలు వాడాలి: మొదటి 2 నెలలు నాలుగు మందులు, తర్వాతి 4 నెలలు మూడు. వాటిలో రిఫాంపిసిన్ అనే మందు వల్ల మూత్రం నారింజ రంగులోకి మారుతుంది, దానికి కంగారు పడక్కర్లేదు. దగ్గు తగ్గింది కదా అని మధ్యలో ఆపేస్తే మాత్రం మందులకు లొంగని టీబీ తయారయ్యే ప్రమాదం ఉంది. పుట్టగానే వేసే బీసీజీ టీకా పిల్లలను తీవ్రమైన టీబీ నుంచి కాపాడుతుంది. పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల టీబీని అంతగా ఆపలేదు.

ఇక షుగర్. టైప్ 2 మధుమేహంలో బయటి జీవి ఏదీ లేదు. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా కణాలు దానికి సరిగా స్పందించవు, పోనుపోను క్లోమం కూడా సరిపడా ఇన్సులిన్ ఇవ్వలేకపోతుంది. నడుము చుట్టూ కొవ్వు, కదలిక లేని పని, తిండి తీరు, వయసు, వంశం అన్నీ కలిసి దీన్ని తెస్తాయి. "నాన్నకు, బాబాయికి, అత్తకు అందరికీ ఉంది, అంటుకోకపోతే ఎలా వస్తుంది?" అని మా చెల్లెలు అడిగేది. తల్లిదండ్రుల నుంచి జన్యువుల ద్వారా ముప్పు రావడం వేరు, ఒకరి నుంచి ఒకరికి జబ్బు సోకడం వేరు. పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి వస్తే, మరోసారి పరీక్షించి మధుమేహం అని నిర్ధారిస్తారు. దీనికి టీకా లేదు. బరువు, నడక, తిండి అదుపులో పెట్టుకోవడమే నివారణ.

మరి నాన్నగారికి రెండూ ఎందుకు వచ్చాయి? టీబీ క్రిమి ఒంట్లో చేరిన వాళ్లందరికీ జబ్బు రాదు. జీవితకాలంలో నూటికి 5 నుంచి 10 మందికే వస్తుంది, మిగతావాళ్లలో రోగనిరోధక శక్తి దాన్ని అణచి ఉంచుతుంది. షుగర్ ఆ శక్తిని తగ్గిస్తుంది కాబట్టి టీబీ ముప్పు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. అలాగని షుగర్ టీబీకి కారణం కాదు. జవాబులో "కారణం: బాక్టీరియా, ముప్పు పెంచే అంశం: మధుమేహం" అని విడిగా రాయండి. చాలామందికి మార్కులు పోయేది ఇక్కడే. టీబీ ఉన్నవాళ్లకు షుగర్ పరీక్ష, షుగర్ ఉన్నవాళ్లకు టీబీ లక్షణాల వాకబు చేసేది కూడా ఇందుకే.

తికమక పెట్టేవి మూడున్నాయి. ధనుర్వాతం బాక్టీరియా వల్లే వస్తుంది కానీ మనిషి నుంచి మనిషికి సోకదు. మట్టిలోని స్పోర్లు గాయంలోకి పోతే వస్తుంది, టీకాతో ఆపవచ్చు. టైప్ 1 మధుమేహం అంటువ్యాధీ కాదు, జీవనశైలి వ్యాధీ కాదు. సొంత రోగనిరోధక వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేయడం వల్ల వస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అసంక్రమిక వ్యాధుల్లోనే లెక్కిస్తారు, కానీ దాదాపు అన్ని కేసుల వెనకా హెచ్‌పీవీ వైరస్ ఉంటుంది. అందుకే దానికి టీకా ఉంది.