వాయిదా భయంతో రాసిన క్యాప్షన్

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇన్‌స్టాలో వంటల పేజీ నడుపుతున్నాను. ఆత్రేయపురం పూతరేకుల దుకాణం వారు 45 సెకన్ల రీలుకు 12,000 రూపాయలు ఇస్తామని రెండు పెట్టెలు పంపారు. క్యాప్షన్‌లో ‘ప్రకటన’ అని రాస్తే బిగుసుకుపోయినట్టు ఉంటోంది. చివర హ్యాష్‌ట్యాగుల్లో కలిపేస్తే చాలదా? కెమెరా కోసం లోన్ యాప్‌లో తీసుకున్న అప్పు వాయిదా ఈ డబ్బుతోనే కట్టాలి.

జవాబు: చాలదు. ప్రకటనల ప్రమాణాల మండలి (ఆస్కి) 2021 నుంచి అమలు చేస్తున్న మార్గదర్శకాల ప్రకారం, ‘మరిన్ని’ నొక్కకుండానే కనిపించే మొదటి రెండు వరుసల్లోనే ఆ మాట ఉండాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో కలపకూడదు. పోస్టు తెలుగులో ఉంది కనుక ‘ప్రకటన’ అని తెలుగులోనే రాయవచ్చు. 45 సెకన్ల రీలులో అది కనీసం 15 సెకన్లు తెర మీద నిలవాలి. మాటగా కూడా చెప్పండి.

బిగుసుకుపోవడానికి కారణం ఆ మాట కాదు, దాని కింద మీరు రాసే కథ. పైన ‘ప్రకటన’ అని పెట్టి, కింద ‘నిన్న అనుకోకుండా ఈ దుకాణం కంటపడింది, ఇంటిల్లిపాదీ ఫిదా’ అని రాస్తే రెండూ ఒకదానినొకటి కాదంటాయి, చదివేవారు వెంటనే పసిగడతారు. జరిగినదాన్నే కథగా చెప్పండి: ‘ప్రకటన. ఆత్రేయపురం దుకాణం వారు డబ్బిచ్చి, రెండు పెట్టెలు పంపి ఈ రీలు చేయమన్నారు. బెల్లం పూతరేకులు నాన్నగారు రెండు పూటల్లో ఖాళీ చేశారు. పంచదారవి మాత్రం నాకు తీపి ఎక్కువనిపించాయి.’ నాన్నగారి మాట, మీ నాలుక మాట నిజమైతేనే రాయండి. డబ్బు రీలు చేసినందుకే గాని పొగిడినందుకు కాదని దుకాణం వారితో ముందే వాట్సాప్‌లో రాసుకోండి.

అలా రాస్తే ఒప్పుకోమని వారంటే? మీ అసలు ఇబ్బంది అక్కడే ఉంది, ఈ ఉత్తరాన్ని ఎంచుకున్నదీ అందుకే. రాని డబ్బును నమ్ముకొని యాప్‌లో అప్పు చేసిన వారు ‘అయితే ఈ రీలు చేయను’ అనలేరు. చేతిలో ఆరు నెలల ఖర్చు లేనివారు ఏ షరతుకైనా తలూపుతారు. సంక్రాంతికీ పెళ్లిళ్లకూ పిలిచే దుకాణాలు ఆషాఢంలో పిలవకపోతే మరో యాప్ తెరుస్తారు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు ప్రచారం చేసినవారి మీద కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. వాయిదా కోసం అంత ముప్పు నెత్తిన పెట్టుకుంటారా?

ఇంట్లో బంగారం ఉంటే దాని మీద బ్యాంకు రుణం తీసుకొని యాప్ అప్పు ఈ నెలలోనే మూసేయండి, వడ్డీ చాలావరకు తగ్గుతుంది. ఆపై వచ్చే ప్రతి పారితోషికంలో సగం, ఇంటి ఖర్చుకు వాడే ఖాతాలో కాకుండా, విడిగా మరో పొదుపు ఖాతాలో వేయండి. అందులో ఆరు నెలల ఖర్చు నిండేవరకు కొత్త కెమెరా గాని, కొత్త లెన్సు గాని అప్పు మీద కొనవద్దు.