300 మందికి 45 నిమిషాల్లో లంచ్

"హన్మకొండలో మా కంపెనీ ఒకరోజు కాన్ఫరెన్స్, 300 మంది. లంచ్‌కి 45 నిమిషాలే. వెజ్ 90 మంది, ముగ్గురు జైన్లు. అందరికీ టైమ్‌కి ఎలా పెట్టాలో టెన్షన్‌గా ఉంది."

అన్నా, మెనూ కంటే ముందు వరుసలు లెక్కపెట్టండి. బఫేలో ఒక వరుస నుంచి నిమిషానికి నలుగురైదుగురు ప్లేటు నింపుకుని బయటపడతారు. ఒక్క వరుసే ఉంటే చివరివాళ్లు గంటసేపు నిలబడాలి. రెండువైపులా పెట్టుకునే టేబుళ్లు మూడు వేయిస్తే ఆరు వరుసలవుతాయి, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. సర్దడం సులువని కేటరర్లు టేబుళ్లను గోడకు ఆనిస్తారు, అప్పుడు సగం వరుసలు పోయినట్టే. ముందురోజే వెళ్లి చూడండి.

వెజ్ 90 మందే కదా అని కూరలు 90 మందికే చెప్పకండి. చికెన్ తినేవాళ్లూ పప్పు, కూర, పెరుగు పెట్టుకుంటారు, చివరికి వెజ్ వాళ్లకే ఉండవు. అవి 300కి, చికెన్ 210కి చెప్పండి. ఒక టేబుల్ పూర్తిగా వెజ్‌కి వదిలేస్తే గరిటెలు కలవవు. కాన్ఫరెన్స్ సోమవారమో శనివారమో అయితే మాత్రం మళ్లీ అడగండి, ఆ రోజుల్లో నాన్‌వెజ్ మానేసేవాళ్లు మన దగ్గర చాలామందే.

జైన్లకు మామూలు పప్పు కుదరదు, తాలింపులో వెల్లుల్లి ఉంటుంది. ఉల్లి, ఆలు, క్యారెట్ కూడా లేకుండా విడిగా వండించి, పేర్లు రాసిన డబ్బాల్లో పెట్టించండి.

టీకి 100 మి.లీ. కప్పు లెక్కన ఒక్కో బ్రేక్‌కి 30 లీటర్లు, రెండో కప్పు అడిగేవాళ్ల కోసం ఇంకో ఐదు. చక్కెర లేనిది వేరే ఫ్లాస్కులో, పైన చీటీ అంటించి.