గుణకం ధనాత్మకమైతే సంభావ్యత పెరిగినట్టేనా?

ప్రశ్న: ఉద్యోగులు ఆఫీసుకు ఎలా వెళ్తున్నారన్న సర్వేపై మల్టీనామియల్ లాజిస్టిక్ రిగ్రెషన్ చేశాను. బస్సు, బైకు, కారు అని మూడు వర్గాలు. బస్సును ఆధారంగా పెట్టాను. బైకు వరుసలో ఆదాయం గుణకం ధనాత్మకంగా వచ్చింది. ‘ఆదాయం పెరిగితే బైకు వాడకం పెరుగుతుంది’ అని రాస్తే మా గైడ్ గారు తప్పన్నారు. ఎందుకు తప్పు? మా దారిలో మెట్రో వస్తే ఎంతమంది మారతారో ఇదే మోడల్‌తో చెప్పవచ్చా?

జవాబు: మీ గైడ్ గారు చెప్పింది నిజం. కొన్నేళ్ల క్రితం హైదరాబాద్‌లో ఒక సంస్థ ఉద్యోగుల రాకపోకల సర్వే మీద పనిచేసినప్పుడు నా నివేదికలోనూ అచ్చంగా ఇదే వాక్యం ఉంది. ‘జీతం ఎక్కువున్న వాళ్లలో బైకులు తక్కువే కనిపిస్తున్నాయి కదా’ అని ఒక సహోద్యోగి పట్టిక చూపించి అడిగారు. డేటాలో పొరపాటు జరిగిందేమోనని రెండు రోజులు వెతికాను. డేటా సరిగ్గానే ఉంది. గుణకాన్ని నేను చదివిన తీరే తప్పు.

ఈ మోడల్ బైకు సంభావ్యతను నేరుగా అంచనా కట్టదు. బైకుకూ బస్సుకూ మధ్య ఉన్న నిష్పత్తిని మాత్రమే అంచనా కడుతుంది:

```
ln(P_bike / P_bus) = a + b × income
```

కాబట్టి b ధనాత్మకమైతే తెలిసేది ఒక్కటే: ఆదాయం పెరిగేకొద్దీ బస్సుతో పోలిస్తే బైకు వైపు మొగ్గు పెరుగుతుంది. కారు సంగతి ఈ వరుసలో లేదు. కారు అంతకంటే వేగంగా పెరుగుతూ ఉంటే, బస్సు మీద గెలుస్తూనే బైకు మొత్తంమీద వెనకబడవచ్చు.

ఊహించిన అంకెలతో ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఆదాయాన్ని నెలకు పదివేల రూపాయల యూనిట్లలో తీసుకుందాం. బైకు వరుసలో స్థిరాంకం 0, ఆదాయం గుణకం 0.3, కారు వరుసలో స్థిరాంకం −4, గుణకం 1.0 అనుకుందాం. బస్సు ఆధారం కనుక దాని విలువ ఎప్పుడూ 1. మిగిలిన రెండింటికీ exp తీసి, మూడింటినీ కూడి, ఒక్కోదాన్ని ఆ మొత్తంతో భాగిస్తే సంభావ్యతలు వస్తాయి.

నెలకు 20 వేలు సంపాదించే వ్యక్తికి బైకు విలువ exp(0.6), అంటే 1.82, కారు విలువ exp(−2), అంటే 0.14. మొత్తం 2.96. దీని ప్రకారం బస్సు 34 శాతం, బైకు 62 శాతం, కారు 5 శాతం వస్తాయి. 40 వేల దగ్గర బస్సు 19, బైకు 62, కారు 19 అవుతాయి. 60 వేల దగ్గర బస్సు 7, బైకు 42, కారు 51.

బైకు అంకెలను మళ్లీ చూడండి: 62, 62, 42. గుణకం మొదటి నుంచి చివరి వరకూ అదే ధనాత్మకమైన 0.3. మొదట్లో బస్సు దిగిన వాళ్లు బైకు ఎక్కుతున్నారు, తర్వాత బైకు వదిలిన వాళ్లు కారు ఎక్కుతున్నారు. బస్సుతో పోలిస్తే మాత్రం మోడల్ మాట తప్పలేదు. ప్రతి పదివేలకూ బైకు–బస్సు నిష్పత్తి exp(0.3) రెట్లు, అంటే 1.35 రెట్లు పెరుగుతూనే ఉంది.

అనుమానం ఉంటే ఆధారాన్ని కారుకు మార్చి మళ్లీ నడిపించండి. బైకు వరుసలో ఆదాయం గుణకం 0.3 − 1.0, అంటే −0.7 అవుతుంది. గుర్తు తిరగబడుతుంది కానీ సంభావ్యతలు ఒక్కటీ మారవు. ఆధారం మారితే తిరగబడే గుర్తును పట్టుకుని ‘పెరుగుతుంది’ అనో ‘తగ్గుతుంది’ అనో తేల్చలేం. నాకు విషయం నిజంగా బోధపడింది ఈ పని చేసినప్పుడే.

అందుకే నేను ఇప్పుడు గుణకాల పట్టికతో పాటు సంభావ్యతలు కూడా తప్పకుండా ఇస్తాను. R వాడుతుంటే ఇంతే:

```r
library(nnet)
d$mode <- relevel(factor(d$mode), ref = "bus")
m <- multinom(mode ~ income, data = d)
predict(m, data.frame(income = c(2, 4, 6)), type = "probs")
```

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆదాయాన్ని 20000, 60000 అని రూపాయల్లోనే ఇస్తే `multinom` లెక్క కుదరక మధ్యలో ఆగిపోవచ్చు. చివర `converged` అని వచ్చిందా, `stopped after 100 iterations` అని వచ్చిందా చూడండి. రెండోది వస్తే ఆ గుణకాలను నమ్మకండి. ఆదాయాన్ని పదివేల రూపాయల యూనిట్లలోకి మార్చి మళ్లీ నడపండి.

ఇక మెట్రో ప్రశ్న. ఇప్పుడున్న మీ మోడల్‌తో చెప్పలేరు. అందులో ఉన్నది ప్రయాణికుడి ఆదాయమే తప్ప ప్రయాణానికి పట్టే సమయం, అయ్యే ఖర్చు లేవు. గుణకాలు కూడా ఒక్కో సాధనానికి విడివిడిగా ఉన్నాయి. సర్వేలో లేని మెట్రోకు గుణకం ఎక్కడి నుంచి వస్తుంది? సమయం, ఖర్చు ప్రతి సాధనానికీ విడిగా ఇచ్చి, వాటికి అన్ని సాధనాలకూ ఉమ్మడి గుణకాలు వేసే కండిషనల్ లాజిట్ కావాలి. శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో బార్ట్ రైలు 1972లో మొదలుకాకముందు డానియల్ మెక్‌ఫాడెన్ బృందం వెళ్లిన దారి ఇదే. రైలు వాటా 6.3 శాతం ఉంటుందని వారి అంచనా, తర్వాత తేలింది 6.2. ఎంపికల విశ్లేషణపై చేసిన కృషికి ఆయనకు 2000లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది.

ఖర్చు సేకరించేటప్పుడు మీ సర్వే తెలంగాణలోదైతే ఒక విషయం మరవకండి. 2023 డిసెంబరు నుంచి అక్కడి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. అందరికీ ఒకే టికెట్ ధర వేస్తే ఖర్చు గుణకం మొత్తం పక్కదారి పడుతుంది.

అంత చేసినా ఒక చిక్కు మిగులుతుంది. రెండు సాధనాల మధ్య నిష్పత్తి మూడోదానితో సంబంధం లేకుండా ఉంటుందని ఈ తరహా మోడల్ ఒప్పుకుని మొదలవుతుంది. పై ఉదాహరణలో 40 వేల జీతగాడికి బస్సుతో సమానమైన ఆకర్షణ ఉన్న మెట్రో వచ్చిందనుకోండి. మొత్తం 5.32 నుంచి 6.32కు పెరుగుతుంది. బస్సు 19 నుంచి 16కు, కారు 19 నుంచి 16కు, బైకు 62 నుంచి 53కు దిగుతాయి. అంటే ప్రతిదాని నుంచీ అదే పాళ్లలో మనుషులు తరలిపోవాలి. బస్సు ఎక్కేవాడికీ కారు నడిపేవాడికీ మెట్రో ఒకే దూరంలో ఉందని చెప్పినట్టు. ఆ దారిలో నిలబడి చూసిన ఎవరైనా దీన్ని ఒప్పుకోరు. మెట్రో ముందుగా లాక్కునేది బస్సు ప్రయాణికులనే. బస్సును, మెట్రోను ఒక గూటిలో ఉంచే నెస్టెడ్ లాజిట్ ఈ లోపాన్ని చాలావరకు సరిచేస్తుంది.

గైడ్ గారికి ఇచ్చే వాక్యాన్ని ఇలా మార్చండి: ‘ఆదాయం పెరిగేకొద్దీ బస్సుకు బదులు బైకు ఎంచుకునే మొగ్గు పెరుగుతోంది.’ కింద మూడు ఆదాయ స్థాయిల దగ్గర మూడు సాధనాల సంభావ్యతలు ఇవ్వండి. మీ అసలు డేటాలో బైకు ఏ స్థాయి దగ్గర తగ్గడం మొదలవుతుందో ఆ పట్టికలోనే కనిపిస్తుంది.