రిపోర్టులో రెండు అంకెలు, వాటిలో నాన్నగారిది ఏది?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. 2020లో అమెరికాలో తమ్ముడి దగ్గర ఉన్నప్పుడు క్రియాటినిన్ 1.6 వచ్చింది. ఆ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ 46 అని, కింద ‘ఆఫ్రికన్ అమెరికన్ అయితే 53’ అని ఉంది. ఇప్పుడు హైదరాబాద్‌లో క్రియాటినిన్ 1.6, ఈజీఎఫ్ఆర్ 48. మనమూ తెల్లవాళ్లం కాదు కదా, 53 మనకు వర్తిస్తుందా? 48 అంటే కిడ్నీలు మెరుగైనట్టేనా? మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వాడుతున్నారు. ఊపిరితిత్తుల పరీక్షలోనూ జాతి అడిగారు, ఎందుకు? – ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది అంకెలు కాదు, డైక్లోఫెనాక్. కిడ్నీలోకి వెళ్లే రక్తాన్ని ఈ మందు తగ్గిస్తుంది. వడపోత ఇప్పటికే సగానికి పడిపోయిన, షుగర్ కూడా ఉన్న మనిషికి దుకాణంలో కొని ఇచ్చే మాత్ర కాదది. బీపీ మాత్రలు, నీరు పోయే మాత్రలు కూడా వాడుతుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. నేను ఆయనను చూడలేదు కాబట్టి బదులుగా ఏం వాడాలో ఇక్కడ రాయను. ఈ రోజే ఆయన డాక్టరును అడగండి.

ఇక అంకెలు. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తం నుంచి వడపోయాల్సిన వ్యర్థం. ఈజీఎఫ్ఆర్ అంటే దాని ఆధారంగా లెక్కకట్టిన కిడ్నీ వడపోత వేగం. 48 వచ్చినంత మాత్రాన కిడ్నీలు మెరుగైనట్టు కాదు. క్రియాటినిన్ అప్పుడూ 1.6, ఇప్పుడూ 1.6. మీరిచ్చిన వివరాలతో లెక్క వేసి చూశాను. 2020 రిపోర్టు 2009 నాటి సీకేడీ-ఎపీ ఫార్ములాతో చేసింది. అదే ఫార్ములాతో ఈ రోజు లెక్కిస్తే వచ్చేది 45. మీ ల్యాబ్ 2021 నాటి కొత్త ఫార్ములాకు మారింది కాబట్టి 48 వచ్చింది. ఫార్ములా మారితే కిడ్నీ మారదు.

ఈజీఎఫ్ఆర్ కొలిచేది కాదు, అంచనా. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది కాబట్టి వయసు, స్త్రీపురుష భేదం లెక్కలో కలుపుతారు. 1999లో అమెరికాలో వచ్చిన ఫార్ములాకు జాతి కూడా చేరింది. ఆ అధ్యయనంలోని నల్లజాతి రోగులలో వడపోత అంతే ఉన్నా క్రియాటినిన్ సగటున ఎక్కువ కనిపించింది. వారికి కండరాలు ఎక్కువ అన్నారు, కానీ దానికి గట్టి ఆధారం చూపలేదు. అందుకే వారి ఈజీఎఫ్ఆర్‌ను ఒక గుణకంతో హెచ్చించేవారు. 2009 ఫార్ములాలో ఆ గుణకం 1.159. మీ నాన్నగారి 46ను దానితో హెచ్చిస్తే వచ్చేదే ఆ 53. ఆ గుణకం మనకు వర్తించదు. అసలు విషయం, అది ఎవరికీ సరిగా సరిపోదు. తల్లి ఒక జాతి, తండ్రి మరొకటి అయితే ఏ అంకె తీసుకోవాలి? బక్కపలచని నల్లజాతి వృద్ధురాలికి కండరాలు ఎక్కడివి?

నష్టం ఎలా జరిగిందో చూడండి. అమెరికాలో కిడ్నీ మార్పిడి జాబితాలో నిరీక్షణ కాలం లెక్కకు రావాలంటే ఈజీఎఫ్ఆర్ 20కి దిగాలి, లేదా డయాలిసిస్ మొదలవ్వాలి. గుణకం లేకుండా 20 వచ్చిన నల్లజాతి రోగికి గుణకంతో 23 వచ్చేది. గుణకం లేని లెక్కలో అతని అంకె సుమారు 17కి పడిపోయే దాకా ఆగాల్సి వచ్చేది. ఇతరులకు అప్పటికే వరుసలో చోటు దొరికి ఉండేది. అందుకే 2021లో అక్కడి కిడ్నీ నిపుణుల సంఘాల ఉమ్మడి బృందం జాతి లేని ఫార్ములాను సిఫారసు చేసింది. 2022లో మార్పిడి వ్యవస్థ జాతి గుణకాన్ని నిషేధించింది, 2023 నుంచి నష్టపోయినవారి నిరీక్షణ కాలాన్ని వెనక్కి జరిపి సరిచేస్తోంది.

కొత్త ఫార్ములా కూడా కచ్చితం కాదు. నల్లజాతివారిలో అసలు వడపోత కంటే కాస్త తక్కువగా, మిగిలినవారిలో కాస్త ఎక్కువగా చూపుతుంది. అందువల్ల ఆ 48ని చూసి ధైర్యపడవద్దు. కండ తక్కువగా ఉన్నవారిలో క్రియాటినిన్ కిడ్నీని ఉన్నదానికంటే మెరుగ్గా చూపుతుంది. అనుమానం ఉంటే సిస్టాటిన్-సి అనే మరో రక్తపరీక్షతో కలిపి లెక్కిస్తే అంచనా మెరుగవుతుంది. అయితే థైరాయిడ్ సమస్య, స్టెరాయిడ్లు దాన్ని కూడా మార్చేస్తాయి, డాక్టరుకు ముందే చెప్పండి.

ఊపిరితిత్తులలో తప్పు ఇదే, దారి వేరు. ఊదిన గాలిని ‘ఉండవలసిన’ అంచనాతో పోలుస్తారు. నల్లజాతివారికి, ఆసియావారికి ఆ అంచనాను తగ్గించే పద్ధతి ఉంది. ఉదాహరణకు అంచనా 3 లీటర్లు, మనిషి ఊదింది 2.2 అయితే 73 శాతం. అంచనాను పది శాతం తగ్గిస్తే అదే గాలి 81 శాతమై, మామూలుగా ఉందనిపిస్తుంది. చిన్నప్పటి పోషకాహార లోపమూ, పొగా చేసిన నష్టం ‘ఆ జాతికి అంతే’ అన్న మాట కింద దాగిపోతుంది. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ అనే ఊపిరితిత్తుల వైద్యుల సంఘం జాతి లేని లెక్కను సూచించింది. దీనికీ మరో వైపు ఉంది. కొత్త లెక్కతో కొందరికి కొత్తగా జబ్బు ముద్ర పడవచ్చు, ఉద్యోగానికో ఆపరేషన్‌కో అడ్డు రావచ్చు. ఒక్క శాతాన్ని పట్టుకుని తీర్పు చెప్పకుండా, ఆయన పాత పరీక్షలతో పోల్చి చూడమని అడగండి.

మీరు రాయనిది ఒకటుంది: మూత్రంలో పోయే ఆల్బుమిన్ అనే ప్రోటీన్. షుగర్ ఉన్నవారికి ఈజీఎఫ్ఆర్‌తో పాటు ఆ పరీక్ష తప్పనిసరి. ఈ వారంలో మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్, పొటాషియం చేయించండి. మాత్ర ఎన్ని రోజులుగా, రోజుకు ఎన్ని వాడుతున్నారో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, ఆయాసం వచ్చినా రిపోర్టుల కోసం ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.